ఆగాలా, మాత్ర వేయాలా, కడగాలా

పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి వైపు ఎవరికైనా కడుపు పోయిందని తెలిస్తే చుట్టాలు అడిగే మొదటి మాట ఒక్కటే: "కడిగించిన్రా?" ఎన్నో నెల, రక్తం ఎంత పోయింది, స్కానింగ్‌లో ఏం కనపడింది అన్నవి తర్వాతి సంగతులు. కడిగించకపోతే లోపల మిగిలింది కుళ్లుతుందనీ, మళ్లీ కడుపు నిలవదనీ గట్టి నమ్మకం. ఆశ్చర్యమేమిటంటే, చాలామంది డాక్టర్లు కూడా మొన్నమొన్నటి దాకా ఇదే నమ్మారు, ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఈ నమ్మకం అజ్ఞానంలోంచి పుట్టింది కాదు. ఒక కాలంలో అది అక్షరాలా నిజం. ఆ కాలం పోయింది, నమ్మకం మాత్రం మిగిలింది.

గర్భస్రావానికి చీటీల మీద డాక్టర్లు రాసే నాలుగు పేర్లూ స్కానింగ్ లేని రోజుల్లో పుట్టినవే. అప్పుడు డాక్టరుకున్న ఆధారం చేతివేళ్లు, కళ్లు, రోగి చెప్పే మాట. గర్భసంచి మూతి మూసుకుని ఉందా తెరుచుకుందా అన్నదే అసలు పరీక్ష. రక్తం కనపడుతోంది కానీ మూతి మూసుకునే ఉంటే థ్రెటెన్డ్: గండం ఉంది, గర్భం ఇంకా నిలవొచ్చు. మూతి తెరుచుకుని నొప్పులు, రక్తస్రావం పెరుగుతుంటే ఇనెవిటబుల్: ఇక ఆగదు. కొంత బయటపడి కొంత లోపల మిగిలితే ఇన్‌కంప్లీట్. మిగిలిన ముక్క అడ్డుపడటంతో గర్భసంచి ముడుచుకోలేదు, అందుకే రక్తం ఆగదు. నాలుగోదైన మిస్డ్ వేరే జాతి. పిండం ప్రాణం పోయినా శరీరం గుర్తించదు. మూతి తెరుచుకోదు, చాలాసార్లు చుక్క రక్తం కూడా రాదు. సుశ్రుతుడు నాలుగో నెల దాకా పోయేదాన్ని గర్భస్రావమనీ, అయిదు, ఆరు నెలల్లో పోతే గర్భపాతమనీ విడదీశాడు. కడుపులోనే పెరగక నిలిచిపోయే గర్భాల గురించీ ఆయుర్వేద గ్రంథాలు చెప్పాయి. అంటే మిస్డ్ కేసు మనవాళ్లకు కొత్త కాదు. దాన్ని నిర్ధారించే సాధనమే అప్పుడు లేదు.

సాధనం లేనప్పుడు ప్రాణం తీసేవి రెండు: రక్తస్రావం, సెప్టిక్. రక్తం ఎక్కించే సౌకర్యం, యాంటీబయోటిక్ రెండూ లేని ప్రపంచంలో ఇన్‌కంప్లీట్ అయిన స్త్రీని అలాగే వదిలేయడమంటే చావుకు వదిలేయడమే. 19వ శతాబ్దం నడిమిలో ఫ్రాన్సులో రెకమియే అనే వైద్యుడు గర్భసంచి లోపలి పొరను గీకి తీసే క్యూరెట్‌ను తెచ్చాడు. ఆ తర్వాత జర్మనీలో హెగార్ మూతిని కొంచెం కొంచెంగా సాగదీసే కడ్డీలను రూపొందించాడు. ఈ రెండూ కలిస్తే డైలటేషన్ అండ్ క్యూరెటాజ్. మన నోట్లో అది డీఎన్‌సీ అయింది.

దానికి మత్తు కావాలి. ఇక్కడ కథ హైదరాబాద్ గుండా నడుస్తుంది. 1888లో, మళ్లీ 1889లో నిజాం ఖర్చుతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వం. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాం ముందు ఊపిరినే ఆపుతుంది, గుండెను కాదు, కాబట్టి ఊపిరి చూసుకుంటే చాలన్నది వాళ్ల తీర్మానం. అది తప్పని తర్వాత తేలింది. కొద్దిపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లేవీ చూపించాడు. తప్పు తీర్మానమైనా, హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ లాంటి మహిళ మత్తు వైద్యంలోకి వచ్చింది ఆ వాతావరణంలోనే. మత్తు అందుబాటులోకి వచ్చాక క్యూరెట్‌కు అడ్డు లేకుండా పోయింది. కనపడ్డ ప్రతి గర్భస్రావాన్నీ గీకి ఖాళీ చేయడం ఆసుపత్రుల అలవాటయింది.

ఆ అలవాటుకు మొదటి కారణాన్ని తీసేసినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడు. 1948లో లెడర్లీ సంస్థ ఆరియోమైసిన్‌ను ప్రకటించింది. టెట్రాసైక్లిన్ జాతిలో అది మొదటి మందు. దాన్ని నేల సూక్ష్మజీవి నుంచి కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనలను నడిపించింది యల్లాప్రగడ సుబ్బారావు. పెన్సిలిన్ అప్పటికే వచ్చింది, రక్తనిధులూ మొదలయ్యాయి. సెప్టిక్ భయం సగానికి సగం తగ్గిపోవాల్సిన సమయం. సరిగ్గా అదే 1948లో అషర్‌మన్ అనే వైద్యుడు క్యూరెట్ వల్ల వచ్చే ఒక కీడును వర్ణించాడు. గట్టిగా గీకిన గర్భసంచి లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయి నెలసరి ఆగిపోవడం, మళ్లీ గర్భం నిలవకపోవడం. "కడిగించకపోతే మళ్లీ కడుపు నిలవదు" అన్న మాటకు ఇది తలకిందులు. కానీ అలవాటు మారలేదు. ఆసుపత్రికి డీఎన్‌సీ త్వరగా తేలే పని. రోగికీ ఏదో చేశారన్న తృప్తి.

థ్రెటెన్డ్ విషయంలో తప్పు మరో దిక్కున జరిగింది. గర్భాన్ని ఎలాగైనా నిలపాలన్న ఆరాటంలో 1940లలో అమెరికాలో స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ హార్మోను గర్భిణులకు విరివిగా ఇచ్చారు. 1953లో షికాగోలో డీక్‌మన్ బృందం 1600 మందికి పైగా గర్భిణుల మీద పరీక్షించి దానివల్ల లాభం లేదని చూపించింది. అయినా మందు ఆగలేదు. ఆ గర్భాల్లోంచి పుట్టిన ఆడపిల్లల్లో అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో హెర్బ్‌స్ట్ చెప్పాక గానీ ఆగలేదు. ఇప్పుడు రక్తం కనపడగానే మన దగ్గర రాసే ప్రొజెస్టరాన్‌కు ఆ చరిత్ర అంటదు, కానీ దాని లాభమూ పరిమితమే. బ్రిటన్‌లో 4153 మంది మీద జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో మందు వాడినవాళ్లలో 75 శాతానికి, వాడనివాళ్లలో 72 శాతానికి బిడ్డ దక్కింది. మొదటిసారి గర్భిణికి ఆ తేడా లెక్కలోకి రాదు. అంతకుముందు మూడు, అంతకన్నా ఎక్కువ గర్భాలు పోయినవాళ్లలో మాత్రం తేడా పెద్దది: 57 శాతం నుంచి 72కు. ఇక మంచం దిగకూడదన్న సలహాకు ఆధారం ఏ పరిశోధనలోనూ దొరకలేదు. దినకూలికి ఆ సలహా ఖరీదెంతో రాసేవాళ్లకు తెలియకపోవచ్చు.

మిస్డ్ కేసును వెలుగులోకి తెచ్చింది గ్లాస్గో నగరం. 1958లో ఇయాన్ డొనాల్డ్ అల్ట్రాసౌండ్ బొమ్మలు ప్రచురించాడు. 1972లో అక్కడే రాబిన్సన్ గర్భం తొలి వారాల్లోనే పిండం గుండె కదలికను పట్టుకున్నాడు. అంతకుముందు గర్భసంచి పెరగడం లేదని వారాల తరబడి కొలిచి అనుమానపడాల్సిందే. స్కానింగ్ వచ్చాక ఒక్క పూటలో తెలుస్తుందనుకున్నారు. కానీ తొందరపాటు కూడా దానితోనే వచ్చింది. నాలుగైదు మిల్లీమీటర్ల పిండంలో గుండె కదలిక కనపడకపోతే పోయిందని రాసేవారు. అలా రాసినవాటిలో కొన్ని బతికున్న గర్భాలేనని బయటపడటంతో 2011లో బ్రిటన్ హద్దు పెంచింది. పిండం పొడవు 7 మిల్లీమీటర్లు, లేదా పిండం లేని సంచి సగటున 25 మిల్లీమీటర్లు ఉంటేనే ఒక్క స్కానింగ్‌తో నిర్ధారించాలి. అంతకంటే చిన్నదైతే కనీసం వారం ఆగి మళ్లీ చూడాలి. అమెరికా నిపుణులూ 2013లో ఇవే హద్దులు పెట్టారు.

ఈలోగా పటాన్‌చెరు నేల మారిపోయింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ దశకంలోనే పారిశ్రామికవాడ, 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ అయ్యాక మరింత వేగం. బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి మందుల ముడిసరుకు ఊళ్లయ్యాయి. నక్కవాగు రంగు మారింది. 1990లో కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకెక్కింది. పటాన్‌చెరులోనే ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఏళ్ల తరబడి ఈ పోరాటంలో ఉన్నారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు రాసింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ.

ఈ ఊళ్లలో గర్భం పోతే కంపెనీ నీళ్లను అనుమానించడం సహజం. అనుమానాన్ని కొట్టిపారేయలేం, నిజమని ముద్ర వేయనూలేం. తెలిసిన గర్భాల్లో ఎక్కడైనా సుమారు నూటికి పదిహేను పోతాయి. తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. దానిమీద రసాయనం ఎంత కలుపుతుందో ఒక్క మనిషిని చూసి చెప్పలేం, గుంపు లెక్కల్లోనే తేలుతుంది. 1980ల చివర, 1990ల మొదట అమెరికా చిప్ కర్మాగారాల్లో గ్లైకాల్ ఈథర్ ద్రావకాల దగ్గర పనిచేసిన స్త్రీలకు గర్భస్రావాలు ఎక్కువని తేలింది. అది తేలింది ఎవరు ఏ గదిలో ఏ ద్రావకం ముట్టుకున్నారో రాసిపెట్టి ఉండటం వల్లే. పటాన్‌చెరు నేలలో, నీళ్లలో ఆర్సెనిక్ ఉందని హైదరాబాద్ శాస్త్రవేత్తలు కొలిచారు. ఆ నీళ్లు తాగిన గర్భిణి ఏ బావి నుంచి తాగింది, ఏ షెడ్డులో పనిచేసింది అన్నవి ఆసుపత్రి చీటీలోకి ఎక్కకపోతే ఆ కొలత ఈ లెక్కకు అందదు.

ఇక చికిత్సలోకి మళ్లీ వద్దాం. 1995లో స్వీడన్‌లోని గోటెబర్గ్‌లో నీల్సన్, హాలిన్ అనే ఇద్దరు అంతకుముందు ఎవరూ ధైర్యం చేయని పని చేశారు. ఇన్‌కంప్లీట్, ఇనెవిటబుల్ అయిన స్త్రీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు డీఎన్‌సీ చేసి, రెండో గుంపును ఊరికే వదిలి కనిపెట్టుకుని ఉన్నారు. మూడు రోజుల్లో ఊరికే వదిలిన వాళ్లలో 79 శాతానికి గర్భసంచి దానంతటదే ఖాళీ అయింది. 2006లో బ్రిటన్‌లో 1200 మందితో జరిగిన పరీక్ష అసలు భయాన్నే కొలిచింది. ఆగినా, మాత్ర వేసినా, ఆపరేషన్ చేసినా ఇన్‌ఫెక్షన్ వచ్చింది నూటికి ఇద్దరు ముగ్గురికే. కడగకపోతే కుళ్లుతుందన్న నూరేళ్ల భయానికి శాస్త్రం ఇచ్చిన జవాబు ఇదే. కానీ ఆ పరీక్షలోనే ఇంకో సంగతీ ఉంది. ఆగినవాళ్లలో పదిమందిలో నలుగురికి పైగా చివరికి ఆపరేషన్ కావాల్సి వచ్చింది. ఇన్‌కంప్లీట్‌లో శరీరం పని మొదలుపెట్టేసింది కనుక ఆగితే ఫలితం ఉంటుంది. మిస్డ్‌లో ఇంకా మొదలే కాలేదు, ఎన్ని వారాలు పడుతుందో చెప్పలేం.

ఆ మొదలుపెట్టే పని మాత్ర చేస్తుంది. కడుపులో పుండ్ల కోసం పుట్టిన మిసోప్రోస్టాల్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. 2005లో అమెరికాలో 800 మైక్రోగ్రాములు, అంటే 200వి నాలుగు మాత్రలు యోనిలో పెట్టి, అవసరమైనవాళ్లకు ఇంకో మోతాదు ఇస్తే 84 శాతానికి ఆపరేషన్ తప్పింది. 2018లో ఇంకో పరీక్షలో, ఒకరోజు ముందు 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్ మింగించాక మిసోప్రోస్టాల్ ఇస్తే ఒక్క మోతాదులో ఖాళీ అయినవాళ్లు 84 శాతం, మిసోప్రోస్టాల్ ఒక్కటే ఇస్తే 67 శాతం. మన దేశంలో మిఫెప్రిస్టోన్‌కు 2002లో అనుమతి వచ్చింది. అయితే గర్భం తీయించుకోవడానికి వాడేదీ ఇవే మాత్రలు. అందుకే దుకాణదారు అనుమానంగా చూస్తాడు, గర్భం దానంతటదే పోయిన స్త్రీ కూడా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఆపరేషన్ కూడా పాతది కాదు. 1958లో చైనా వైద్యులు గీకడం బదులు పీల్చడం మొదలుపెట్టారు. ఇప్పుడు చేతితోనే శూన్యం పుట్టించే పెద్ద ప్లాస్టిక్ సిరంజి, మెత్తని గొట్టం, మూతి చుట్టూ మొద్దుబార్చే ఇంజెక్షన్ చాలు. పావుగంటలోపే అయిపోతుంది, పూర్తి మత్తు అక్కర్లేదు, రక్తమూ నొప్పీ తక్కువ. ఇనుప క్యూరెట్ గీకుడు ఇక వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పి చాలా ఏళ్లయింది. ఆపరేషన్ అన్నప్పుడు "గీకుతారా, పీలుస్తారా?" అని డాక్టరును అడగడంలో తప్పేమీ లేదు.

ఒక కేసు ఊహించుకుందాం. నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో ఒంటిగది అద్దెకుంటూ పాశమైలారంలో ప్యాకింగ్ పని చేసే స్త్రీ. నెల తప్పిన లెక్కన తొమ్మిదో వారం. గోధుమరంగు మరక కనపడింది. డాక్టరు మొదట చూడాల్సింది గర్భం సంచిలోనే ఉందా అని. ఒకవైపు పొడుచుకొచ్చే నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అది ట్యూబులో గర్భం కావొచ్చు, దానికి ఈ లెక్కలేవీ పనికిరావు. ఈమెకు అవేవీ లేవు, మూతి మూసుకుని ఉంది. చీటీ మీద థ్రెటెన్డ్. స్కానింగ్‌లో పిండం 5 మిల్లీమీటర్లు, గుండె కదలిక లేదు. ఇక్కడే చాలామందికి "హార్ట్‌బీట్ లేదు, రేపు కడిగేద్దాం" అన్న మాట వినపడుతుంది. కానీ 5 అంటే 7 కాదు. అండం ఆలస్యంగా విడుదలై ఉంటే గర్భం వయసే తక్కువై ఉండొచ్చు. వారం ఆగి మళ్లీ చూస్తే పిండం పెరగలేదు, గుండె కదలిక ఇంకా లేదు. ఇప్పుడు మిస్డ్ అని నమ్మకంగా రాయొచ్చు.

హిమోగ్లోబిన్ 8.6. తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తం తక్కువే, ఆశ్చర్యం లేదు. పుస్తకం ప్రకారం ఆమెకు మూడు దార్లున్నాయి. ఆగితే రక్తస్రావం ఏ రాత్రి మొదలవుతుందో తెలియదు. భర్తది నైట్ షిఫ్ట్ అయితే గదిలో తోడెవరూ ఉండరు, బాత్రూం నాలుగు కుటుంబాలకు ఒక్కటి. నిరీక్షణ మీద జరిగిన ఆ పరీక్షలు స్వీడన్, బ్రిటన్ ఇళ్లలో జరిగాయి. ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చే చోట రక్తం తక్కువ లేని స్త్రీ హాయిగా ఆగొచ్చు. ఈమెకు నేనైతే ఆగమని చెప్పను. మిఫెప్రిస్టోన్ మింగి, మర్నాడు పొద్దున ఆసుపత్రిలో మంచం మీద మిసోప్రోస్టాల్ పెట్టించుకుంటే రక్తస్రావం పగలు, మనుషుల మధ్య వస్తుంది. సాధారణంగా కొన్ని గంటల్లో నొప్పులు మొదలై ఆ రోజే అసలు పని ముగుస్తుంది. గంటకు రెండు ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిస్తే, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం ఒక రోజు గడిచినా తగ్గకపోతే, దుర్వాసన వస్తే, కళ్లు తిరిగితే మళ్లీ ఆసుపత్రికి రావాలి.

ఇక్కడ ఇంకో గోతి ఉంది. వారం తర్వాత స్కానింగ్ చేస్తే లోపల గడ్డలు, మందమైన పొర కనపడటం మామూలే. రిపోర్టులో "మిగిలి ఉంది" అన్న మాట చూసి మళ్లీ కడిగేస్తుంటారు. రక్తం తగ్గుతూ, జ్వరం లేకుండా, నొప్పి తగ్గుతూ ఉంటే ఆ మందాన్ని చూసి గీకాల్సిన పనిలేదు. మూడు వారాలకు మూత్ర పరీక్ష నెగెటివ్ వస్తే చాలు. ఆమెకు ఆ వారాల్లో కావాల్సింది క్యూరెట్ కాదు, ఐరన్ మాత్రలు.

ఆగడానికి అసలు వీల్లేని వాళ్లు వేరే. ఇనెవిటబుల్‌లో రక్తం ధారగా పోతుంటే, జ్వరంతో దుర్వాసన ఉంటే వెంటనే ఖాళీ చేయాలి. ఒక్కోసారి రక్తం అంతగా పోకుండానే స్త్రీ కుప్పకూలుతుంది. నాడి వేగం పెరగాల్సింది పోయి తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. ముక్క ఒకటి సరిగ్గా మూతిలో ఇరుక్కుని నరాలను రేపడమే కారణం. స్పెక్యులం వేసి చూసి పట్టకారుతో ఆ ముక్కను లాగేస్తే నిమిషాల్లో తేరుకుంటుంది. ఇది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయగల పని. దీన్ని గుర్తించకుండా హైదరాబాద్‌కు పంపేస్తే దారిలోనే ప్రమాదం.

ఇక జీతం సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం గర్భస్రావం అయిన మర్నాటి నుంచి ఆరు వారాల జీతంతో సెలవు ఇచ్చింది. దానివల్ల జబ్బు చేస్తే ఇంకో నెల. 2020 సామాజిక భద్రతా నియమావళిలోనూ ఆ ఆరు వారాలు అలాగే ఉన్నాయి. ఇరవై ఆరో వారం దాకా పోయిన గర్భం దీని కిందికి వస్తుంది, కడిగించారా, మాత్ర వేశారా, ఆగారా అన్నదానితో సంబంధం లేదు. ఈఎస్ఐ ఉన్నవాళ్లకూ అంతే, కిందటి రెండు చందా కాలాల్లో కనీసం డెబ్బై రోజుల చందా పడి ఉండాలి. కాంట్రాక్టర్ చందా కట్టాడో లేదో పే స్లిప్పులో చూసుకోవాలి. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. వేరే చోట చూపించుకున్నా ఆ చీటీ మీద గర్భం ఎన్ని వారాలు, గర్భస్రావం ఏ రకం, ఏ తేదీన అయింది అన్న మూడూ రాయించుకోవాలి. "బ్లీడింగ్ పీవీ, రెస్ట్" అని మాత్రమే రాసిన చీటీతో ఆ ఆరు వారాలు రావు.